లచ్చయ్య బిడ్డ, మార్కండేయులు మీటరు

మాటతో కుదిరిన తండ్రీబిడ్డల వరుస మాటతోనే తెగిపోతుందా?

ఏళ్లు గడిచిపోయినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. జవాబు దొరకనప్పుడు ఆ మనిషి ముచ్చట చెప్పుకోవడం ఒక్కటే మిగులుతుంది. ఆ మనిషి పేరు లచ్చయ్య. ఊరు వీర్నపల్లి. తాళ్లెక్కి కల్లు గీసేవాడు. వయసులో ఉన్నప్పుడు సిరిసిల్ల శివారులో చెట్లు గుత్తకు పట్టుకుని, అక్కడే ఒక గుడిసెలో పెండ్లాం లక్ష్మవ్వతో ఉండేవాడు. పిల్లలు కలగలేదు. పొద్దున్నే సైకిలుకు కల్లు కుండలు కట్టుకుని పద్మశాలీల వాడలోకి వచ్చేవాడు. మగ్గాల చప్పుడు వినబడే ప్రతి గడపలోనూ అతణ్ని పేరుపెట్టి పిలిచేవాళ్లున్నారు. అందులో ఒకటి మార్కండేయులు గడప.

మార్కండేయులు, రత్నమాల దంపతులకు మొదట ఇద్దరు కొడుకులు పుట్టారు. ఇద్దరూ పాలు తాగే వయసులోనే పోయారు. రెండోవాణ్ని పూడ్చడానికి గుంత తవ్వింది లచ్చయ్యే. మార్కండేయులు చేతులు ఆడక నిలబడిపోతే, కుండలు దింపి, గడ్డపార అందుకున్నాడు. మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని శంకరవ్వ బొడ్డు కోసి, పిల్లను ఒడిలో పెట్టేముందే చెప్పింది, "గిది మీ పిల్ల అంటె గిది గూడ దక్కదు. అమ్ముకోండ్రి."

అట్లా అమ్మడం ఆ వాడలో కొత్త కాదు. పుట్టినవాళ్లు పుట్టినట్టు పోతున్న ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, తెల్లవారకముందే తీసుకెళ్లి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. ఆ దారిన వచ్చినవాడు చేటెడు తవుడిచ్చి కొనుక్కుంటాడు. కొన్నవాడు, "నా బిడ్డను మీ ఇంట్ల సాదుండ్రి" అని కన్నవాళ్లకే అప్పజెప్తాడు. ఇది ఈ ఇంటి పిల్ల కాదనుకుని చావు గడప దాటి పోతుందని నమ్మకం. పిల్లకు పెంటవ్వ అని పేరు పెడతారు. పెద్దయి పెండ్లి కుదిరినప్పుడు కన్నవాళ్లు కొన్నవాడికి కొత్త బట్టలు పెట్టి, బిడ్డను తిరిగి కొనుక్కోవాలి. అప్పటిదాకా ఆ పిల్ల కొన్నవాడిదే.

ఆ తెల్లవారుజామున తవుడు చేట పట్టుకుని వచ్చింది లచ్చయ్య. ముందే అనుకున్నదే అయినా, పెంటకుప్ప మీద ఏడుస్తున్న పిల్లను చూడగానే చేట పక్కన పడేసి ముందు పిల్లనే ఎత్తుకున్నాడట. "చేట ఇయ్యరా, చేట ఇస్తెనే నీదైతది!" అని శంకరవ్వ మొత్తుకుందని ఊర్మిల చిన్నప్పటి నుంచి వింటూ పెరిగింది.

ఊర్మిల అంటే ఆ పెంటవ్వే. బడిలో వేసేటప్పుడు రత్నమాల మంచి పేరు కావాలని ఊర్మిల అని రాయించింది. రాయించేది పేరొక్కటే అయితే ఏ గొడవా ఉండకపోను. "తండ్రి పేరు?" అని సారు అడిగాడు. సర్కారు పుస్తకంలో మార్కండేయులు బిడ్డ అని సిరాతో రాయిస్తే రత్నమాల, ఇన్నాళ్లు దాచిపెట్టింది చావుకు విప్పి చూపించినట్టే అవుతుందని భయపడింది. ముందే లచ్చయ్యను వెంట తెచ్చుకుంది కూడా. "చెప్పు అన్నా," అంది. లచ్చయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకుని, "లచ్చయ్య సారూ. నా బిడ్డనే," అన్నాడు. సారు రాసేసుకున్నాడు.

ఊర్మిల కన్నతండ్రిని నాయినా అనేది, లచ్చయ్యను బాపూ అనేది. ముంజల కాలంలో ముంజలు, ఈతపండ్ల కాలంలో ఈతపండ్లు ఆ గడపలో దిగేవి. సైకిలు దిగకుండానే లచ్చయ్య కేక వేసేవాడు.

"ఏమే రత్నవ్వా, నా బిడ్డను మంచిగ సూసుకుంటున్నరా, తోలుకపోవాల్నా?"

"తోలుకపోరాదూ! పొద్దెక్కినా లేవది మొద్దు. నీ పోలికే అచ్చింది!"

"నా పోలికైతె తెల్లారకముందే తాటిచెట్టెక్కుతుండె. మొద్దంటె గా మగ్గం గుంతల కూసున్నోని పోలిక."

గుంతలో కూర్చుని పోగుల మధ్య నాడె విసురుతున్న మార్కండేయులు నవ్వేవాడు.

లక్ష్మవ్వ పోయాక లచ్చయ్య వీర్నపల్లికి తిరిగి వెళ్లిపోయి, సొంతూరి చెట్లే గీసుకున్నాడు. అప్పటికి మార్కండేయులు చేతిమగ్గం తీసేసి సాంచెలు పెట్టాడు. కరెంటుతో నడిచే మగ్గాలను సిరిసిల్లలో సాంచెలంటారు. మీటరు మార్కండేయులు పేరు మీద వచ్చింది. ఊర్మిలకు పెండ్లి కుదిరింది. అల్లుడు సత్తయ్య ఇల్లరికం వస్తానన్నాడు. బిడ్డను తిరిగి కొనుక్కోవడానికి లచ్చయ్య కోసం కొత్త ధోవతి, కండువా తెచ్చి పెట్టారు. పెండ్లినాడు లచ్చయ్య రాలేదు.

అవి అన్నల కాలం, నక్సలైట్ల కాలం. వీర్నపల్లి అడవి అంచు ఊరు. రాత్రి దళం వచ్చి తాటివనంలో కూర్చుంటే కల్లు పొయ్యనని ఏ గీతోడూ అనలేడు. పొద్దున పోలీసులు వచ్చి, ఎందుకు పోసినవని అడిగితే చెప్పనూ లేడు. పెండ్లికి ముందురోజే లచ్చయ్యను జీపెక్కించుకుపోయారు. వదిలిపెట్టేసరికి అతని కుడి మణికట్టు వంకర తిరిగింది. ఇక చెట్టెక్కడం కాదు గదా, లోటా ఎత్తడమే కష్టం. కొన్నాళ్లు ఊళ్లో ఉన్నాడు. రెండోసారి జీపు వస్తుందని ఎవరో చెప్పగానే కనబడకుండా పోయాడు.

"కొనుక్కోవుడు కాలేదు," అని రత్నమాల చాన్నాళ్లు మథనపడింది. ధోవతి పెట్టెలో ఉండగానే ఆమె పోయింది. కొన్నేళ్లకు మార్కండేయులూ జబ్బుపడి పోయాడు.

అతను పోయిన ఏడు ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి వాడలో పిడుగు పడింది. మీటరు మాడి నల్లబడింది. సాంచెలు ఆగిపోయాయి. ఊర్మిల అప్పటికి ఐదోనెల కడుపుతో ఉంది. ఆమె, సత్తయ్య కలిసి కరెంటాఫీసుకు పోయారు. సిరిసిల్లలో కరెంటు పంచేది సహకార సంఘం. మీటరున్నవాళ్లు అందులో సభ్యులు కూడా. కిటికీ వెనక గుమాస్తా దరఖాస్తు తిప్పి చూశాడు.

"మీటరు మార్కండేయులు పేరు మీదున్నది. సంతకం సత్తయ్యదున్నది. మార్కండేయులేడి?"

"మా నాయిన సచ్చిపోయి నాలుగు నెల్లాయె సారూ," అంది ఊర్మిల.

"మరి సచ్చిపోయిన మనిషికి కొత్త మీటరెట్లియ్యాలమ్మా? ముందుగాల పేరు మార్చుకోండ్రి. మున్సిపాలిటిల మరణం సర్టిఫికెట్ తీసుకోండ్రి. ఎమ్మార్వో ఆఫీసుల వారసుల సర్టిఫికెట్. ఇంటిపన్ను రశీదు, ఆఖరి బిల్లు కట్టిన కాగితం గూడ పెట్టాలె. నీతోటి పుట్టినోళ్లు ఎందరు?"

"పుట్టిండ్రు గని బతకలె."

గుమాస్తా కలం ఒక్క క్షణం ఆపాడు. "ఉంటె వాళ్లతోటి అభ్యంతరం లేదని స్టాంపు కాగితం మీద రాయించాలె. నీకు గా బాధ లేదు. నువ్వు మార్కండేయులు బిడ్డవేనని, నీ పేరు ఇదేనని రుజువు తెచ్చుకో, చాలు. మీ నాయిన సంఘంల సభ్యుడు గదా, మీటరుతోటి గా సభ్యత్వం గూడ నీ పేరు మీదికే అస్తది."

చాలు అన్నంత తేలికగానే ఉంటుందనుకుంది ఊర్మిల. మున్సిపాలిటీలో సర్టిఫికెట్ దొరికింది. అక్కడినుంచి ఎమ్మార్వో ఆఫీసుకు పోయారు. ఆ ఆఫీసు గేటు దగ్గర ఇసుక బస్తాలు పేర్చి, పోలీసులు కాపలా ఉన్నారు. లోపలికి పోయే ప్రతి మనిషి పేరూ ఊరూ రాసుకుంటున్నారు. లోపల ఉన్న గుమాస్తా నడివయసువాడు, ముక్కుపొడుం అలవాటున్నవాడు. ఊర్మిల ఇచ్చిన రేషన్ కార్డు, బడి టీసీ, ఓటర్ల జాబితా నకలు బల్లమీద పక్కపక్కన పరిచాడు.

"పెంటవ్వ ఎవలు?"

"నేనే సారూ. రేషన్ కార్డుల గట్ల రాసిండ్రు."

"ఊర్మిల?"

"గది గూడ నేనే. ఓటర్ల లిస్టుల చూడుండ్రి, భర్త సత్తయ్య అని ఉన్నది."

"లచ్చయ్య?"

"మా బాపు."

"మార్కండేయులు?"

"మా నాయిన."

గుమాస్తా కలం బల్లమీద పెట్టి, పొడుం డబ్బీ తీశాడు. "పేర్లు రెండుంటె అఫిడవిటు రాయించి కలుపుకోవచ్చు బిడ్డా. నాయినలు ఇద్దరుంటె నేనేం జెయ్యాలె?"

ఊర్మిల జరిగిందంతా చెప్పింది. అతను నవ్వలేదు. "మా మేనత్త పేరు గూడ పెంటవ్వనే. గా ముచ్చట నాకు తెల్వక గాదు. గని కొన్నోని పేరు బడిల ఎవ్వలన్న రాయిస్తరా? టీసీ జూస్తె నిన్ను దత్తతిచ్చినట్టే ఉన్నది. దత్తత పోయిన బిడ్డకు కన్నతండ్రి ఆస్తిల హక్కుండది. రేపు సాంచెల మీద ఇంకెవలన్న అస్తె నా మెడకు సుట్టుకుంటది."

"మరెట్ల సారూ?" అన్నాడు సత్తయ్య.

"మా ఆఫీసు గిర్దావరు మీ వాడకట్టుకచ్చి పంచనామా చేస్తడు. ఇరుగుపొరుగోళ్లు చెప్తరు. గది సరిపోతది, గని టీసీల ఉన్నదాన్ని కొట్టెయ్యాలంటె ఆ లచ్చయ్యే రావాలె. గీమె నాకు పుట్టలే, నేను దత్తత తీసుకోలే అని నోటరీ ముంగట ప్రమాణం జేసి రాసియ్యాలె. కాగితమొక్కటి గాదు, మనిషి గూడ నా ముంగటికి రావాలె. ఉన్నడా?"

ఊర్మిల సత్తయ్య ముఖం చూసింది. "ఉన్నడు," అంది.

ఎక్కడున్నాడో తెలియదు. ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు సత్తయ్య తల ఎత్తకుండా చెప్పాడు. "నూలిచ్చే ఆసామి ఇంకొక్క పక్షం జూస్తడంట. గా లోపట సాంచెలు నడవకుంటె నూలు వేరేటోళ్లకిస్తడు. నేను బొంబాయి దిక్కు బీమండి పోత. గాడ పని దొరుకుతది."

"నన్ను గీ కడుపుతోటి ఇడిచిపెట్టా?"

"నిన్ను ఇడిచిపెట్టి గాదే. నిన్ను సాదనీకె."

లచ్చయ్య అక్క సాయవ్వ సిరిసిల్ల అంగట్లో ఈతచాపలు అమ్మేది. ఊర్మిల ఆమె దగ్గరికి పోతే ముందు తెలియదంది. ఊర్మిల కడుపు వైపు చూసి, గంప సర్దుకుంటున్నట్టు వంగి చెప్పింది. "సారంగాపూర్ దిక్కు మామిడితోట కావలి ఉంటున్నడు. గాడ లచ్చయ్య అని అడగకు. గంగారాం అని అడుగు."

జగిత్యాల బస్సును మల్యాల దగ్గర ఆపి పోలీసులు అందర్నీ దింపారు. సంచులు తడిమారు. ఊర్మిల సంచిలో టీసీ ఉంది. దాని మీద ఉన్న తండ్రి పేరు ఆ పోలీసుల జాబితాలోనూ ఉంటుందేమోనని ఆమెకు అప్పుడు తట్టింది. కానిస్టేబుల్ గర్భిణి అని చూసి వదిలేశాడు. జగిత్యాలలో ఇంకో బస్సెక్కి సారంగాపూర్‌లో దిగి, ఆ చుట్టుపట్ల తోటలన్నీ అడుగుతూ పోయింది.

లచ్చయ్య చెట్టు కింద రాలిన కాయలు ఎడమచేత్తో ఏరి గంపలో వేస్తున్నాడు. మనిషి సగమయ్యాడు.

"బాపూ," అంది.

చప్పున తిరిగి చుట్టూ చూశాడు. "మెల్లగనే! ఈడ నేను గంగారాంను. గంగారాంకు ఇంక పెండ్లే కాలె, బిడ్డెక్కడిది?" అని నవ్వి, ఆ నవ్వు నిలవక కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మీ నాయిన పోయినట్టు సాయక్క కబురంపింది. రానైతినే బిడ్డా. మోయనీకె నలుగుర్ల ఒకన్ని గాకపోతి."

ఆమెకు నీడలో గోనెపట్టా పరిచాడు. పండు కోసి ముక్కలు చేతికిచ్చాడు. మీటరు సంగతి వింటూ మధ్యమధ్య తల ఊపాడు. నోటరీ అనగానే, "అస్త," అన్నాడు.

"పోలీసులు?"

"వాళ్లకు భయపడి ఎన్నొద్దులుంట? అస్త తియ్యి. నా బిడ్డే సారూ, తవుడుకు కొన్న, సాదుమని మల్ల వాళ్లకే ఇచ్చిన అని చెప్త. ఉన్నదే గదా."

"గట్ల చెప్పొద్దు బాపూ. గట్ల చెప్తె దత్తతైతదంట."

"మరేమనాలె?"

ఊర్మిల చేతిలోని ముక్క తినలేక అట్లాగే పట్టుకుంది. "నీ బిడ్డను గాదనాలె. నాకు నీకు ఏం సంబంధం లేదనాలె."

లచ్చయ్య చాలాసేపు గంపలోని కాయలు ఒక్కొక్కటే అటూఇటూ మార్చాడు. తరువాత అడిగాడు. "ఎన్నో నెల?"

"ఐదు."

"అయితె అసలే వద్దు."

"బాపూ..."

"నువ్వు సూడలే. నేను సూసిన. మీ అన్నను గీ చేతులతోటే గుంతల పెట్టిన. మూడు దినాలల్ల ఆరిపోయిండు, దీపం లెక్క. నువ్వు నా దానివి గావట్టె బతికినవు. నేను గాదంటె నువ్వు ఎవ్వలదానివి? గా ఇంటి బిడ్డవే అని సావుకు నేనే ఎరుక జేసినట్టు గాదా? నా నోటితోటి గా మాట అనిపియ్యకే."

"నా పెండ్లినాడే మా అవ్వ నన్ను కొనుక్కోవాలనుకున్నది. గది ఇప్పుడు చేద్దాం. నేనే కొంట. బట్టలు పెడత."

లచ్చయ్య ఆమె వైపు చూశాడు. కోపమో ముద్దో తెలియని చూపు. "కొనాల్సింది మీ అవ్వ, మీ నాయిన. నువ్వెట్ల కొంటవే పిచ్చిదానా? అంగట్ల గొర్రె తన పైసలు తనే ఇచ్చుకుంటదా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఊర్మిల ఏడ్చింది. ఇలాంటి నమ్మకాలు ఆమెకు ఉన్నాయా అంటే ఉన్నాయనీ చెప్పలేదు, లేవనీ చెప్పలేదు. ఏడో తరగతి చదివింది. కానీ కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా తల్లి మాటలు గుర్తొచ్చేవి. అందుకే గట్టిగా అడగలేకపోయింది. పొద్దు వాలుతుంటే లేచింది. లచ్చయ్య కండువాలో పండ్లు మూటకట్టి ఇచ్చి రోడ్డు దాకా వెంట వచ్చాడు.

"మీటరు రాకుంటె ఏమైతది?" అని నడుస్తూ అడిగాడు.

"ఆయన బీమండి పోతనంటుండు."

"మరి కాన్పుకు నీ కాడ ఎవలుంటరు?"

"ఎవలున్నరు బాపూ?"

అతను ఆమెను బస్సెక్కించాడు. బస్సు కదిలేదాకా నిలబడ్డాడు.

వాడలో పంచనామా అయిపోయింది. గిర్దావరు వచ్చి, ఇరుగుపొరుగుతో చెప్పించుకుని సంతకాలు తీసుకున్నాడు. లచ్చయ్య కాగితమొక్కటే తక్కువ. సత్తయ్య ట్రంకుపెట్టె తుడిచి బయట పెట్టుకున్నాడు. ఇక పోవడమే అనుకున్న పొద్దున, ఊర్మిల వాకిలి ఊడుస్తుంటే గడప ముందు ఎవరో దగ్గారు. నున్నగా గడ్డం గీయించుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని లచ్చయ్య నిలబడి ఉన్నాడు. "నడువుండ్రి," అన్నాడు. "పొద్దెక్కకముందె అయిపోవాలె."

లోపలికి రమ్మంటే రాలేదు. చాయ్ అరుగు మీదే తాగాడు.

కోర్టు దగ్గర దస్తావేజులు రాసే మనిషి స్టాంపు కాగితం మీద రాసి చదివి వినిపించాడు. సదరు ఊర్మిల అలియాస్ పెంటవ్వ తనకు పుట్టిన కూతురు కాదనీ, ఆమెను తాను దత్తత తీసుకోలేదనీ, బడి పుస్తకంలో తన పేరు తెలియక రాయించిందనీ, ఆమె కీర్తిశేషుడు మార్కండేయులు కూతురేననీ, ఆమె మీద గానీ ఆమె ఆస్తి మీద గానీ తనకు ఏ హక్కూ లేదనీ అందులో ఉంది.

"తండ్రి లెక్క సూసుకున్నడని ఒక్క ముక్క రాయరాదా?" అన్నాడు లచ్చయ్య.

"గట్ల రాస్తె మల్ల మొదటికే అస్తది పెద్దమనిషీ."

"తెలియక రాయించింది అంటివి. తెలిసే రాయించినం గదా."

దస్తావేజుల మనిషి చిరాకుపడ్డాడు. "నీకు పని గావాల్నా, ముచ్చట గావాల్నా?"

నోటరీ వకీలు కళ్లద్దాలు సవరించుకుని, కాగితంలో ఉన్నది నిజమేనని నోటితో చెప్పమన్నాడు. లచ్చయ్య ఊర్మిల వైపు తిరిగాడు. "నువ్వు జర బయటికి పో. పోయి చెవులు మూసుకో."

"బాపూ, గట్లెందుకు..."

"మూసుకో అంటున్న గదా."

ఆమె బయటికి పోయి, చిన్నపిల్లలా రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. కిటికీలోంచి అతని పెదవులు కదలడం కనబడింది. మాట వినబడలేదు. ఆ తరువాత ఎడమచేతి బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. గీత పని చేసి కాయలు కాసిన వేలు. ముద్ర సరిగా పడలేదని మళ్లీ వేయించారు.

ఎమ్మార్వో ఆఫీసు గేటు దగ్గర పోలీసు పుస్తకం తెరిచాడు. "పేరు?"

సత్తయ్య చెప్పాడు. ఊర్మిల చెప్పింది. లచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. గంగారాం అని చెప్పొచ్చు. కానీ లోపల ఇయ్యబోయే కాగితం మీద ఉన్న పేరు వేరు.

"లచ్చయ్య," అన్నాడు. "వీర్నపల్లి."

పోలీసు తలెత్తి ఒకసారి చూసి రాసుకున్నాడు. అంతే. కానీ వాళ్లు లోపలికి పోతుండగా వెనక నుంచి ఇంకో పోలీసును పిలవడం ఊర్మిలకు వినిపించింది.

గుమాస్తా కాగితం చదివి, పంచనామాతో కలిపి కుట్టాడు. వేలిముద్ర చూశాడు. మనిషిని చూశాడు. ఊర్మిల కాగితం ఇచ్చేస్తే అయిపోయినట్టేననుకుంది. అతను మాత్రం పొడుం డబ్బీ మూసి, మామూలుగా అడిగాడు.

"గీమె నీకేమైతది?"

ఈసారి బయటికి పొమ్మనడానికి వ్యవధి లేదు. లచ్చయ్య ఊర్మిల వైపు చూడలేదు. బల్ల మీదున్న ముద్రల పెట్టె వైపు చూశాడు.

"ఏం గాదు సారూ."

"దత్తత గిట్ల తీసుకున్నవా?"

"లేదు సారూ."

గుమాస్తా కాగితం మూల మీద ఏదో రాశాడు. "సరే. వారం దాటినంక అచ్చి సర్టిఫికెట్ తీసుకపోండ్రి. గది కరెంటాఫీసుల పెట్టుండ్రి, పేరు మారుతది. బిడ్డా, ఈడ సంతకం పెట్టు. ఊర్మిల అలియాస్ పెంటవ్వ అని రాయి."

అట్లాగే అయింది కూడా. మీటరు ఊర్మిల పేరు మీదికి వచ్చింది. సాంచెలు నడిచాయి. సత్తయ్య ట్రంకుపెట్టె మళ్లీ అటక ఎక్కింది. ఊర్మిలకు కొడుకు పుట్టాడు, బతికాడు. అదంతా తరువాతి ముచ్చట. ఆ పొద్దు మాత్రం ఆమె వంగి, రెండు పేర్లూ ఒక గీత మీద పట్టేలా కుదించి రాసింది. రాసి తలెత్తేసరికి పక్కన సత్తయ్య ఒక్కడే ఉన్నాడు.

"బాపేడి?"

"ఇప్పుడే గీడనే ఉండె గదా," అన్నాడు సత్తయ్య.

ఊర్మిల గబగబా వరండాలోకి వచ్చింది. లచ్చయ్య అప్పటికే గేటు దాటాడు. కండువా తల మీదుగా కప్పుకుని, తొందర లేని మనిషిలా రోడ్డు వారగా పోతున్నాడు. గేటు దగ్గర ఇద్దరు పోలీసులు పేర్ల పుస్తకం మీద వంగి మాట్లాడుకుంటున్నారు. వాళ్లింకా అటు చూడలేదు.

బాపూ అని పిలవడానికి నోరు తెరిచింది. వెనక కిటికీలో గుమాస్తా ఉన్నాడు. ముందు పోలీసులున్నారు. ఆ మాట ఎటు వినబడినా చెడేదే. నోరు మూసుకుంది. ఒక్కసారి వెనక్కి చూస్తే చాలు, చెయ్యి ఊపితే చాలనుకుంది. పొద్దున చాయ్ ఒక్కటే తాగాడని, ఇంట్లో అన్నం వండి పెట్టిందని, అమ్మ దాచిన ధోవతి పెట్టెలోంచి తీసి మంచం మీద పెట్టి వచ్చిందని అతనికి తెలియదు.

సారంగాపూర్ పోవాలంటే జగిత్యాల బస్సెక్కాలి. అతను దానికోసం ఆగలేదు. కోరుట్ల బోర్డున్న బస్సు మలుపు తిరిగి వస్తుంటే ఎడమచెయ్యి ఎత్తాడు. బస్సు మెల్లబడింది. అది పూర్తిగా ఆగకముందే కమ్మీ పట్టుకుని ఎక్కి, మనుషుల మధ్యలోకి పోయాడు.